పైకప్పు ట్యాంకు నీళ్ల ఒత్తిడి నుంచి కింది అంతస్తు కుళాయిలను కాపాడే వాల్వు: కొలవడం, బిగించడం, పరీక్షించడం

బెంగళూరులో మారతహళ్లి వైపున్న పద్నాలుగు అంతస్తుల అపార్ట్‌మెంటులో మేము రెండో అంతస్తులో ఉంటున్నాం. ఒక సంక్రాంతికి ఊరు వెళ్లి తిరిగి వచ్చేసరికి బాత్రూమ్ నుంచి హాల్లోకి నీళ్లు పారి ఉన్నాయి. హెల్త్ ఫాసెట్ గొట్టం నట్టుకు రెండంగుళాల కింద పగిలింది. పైనున్న స్టీలు అల్లిక విచ్చుకుని, ఆ సందులోంచి లోపలి గొట్టం చిన్న బుడగలా ఉబ్బి, ఆ బుడగ మధ్య సన్నగా చీలింది. గొట్టం నాసిరకం కావచ్చని మొదట అనుకున్నాను. కానీ అంతకు ముందు ఏడాదిలో ఇదే బాత్రూములో రెండు కనెక్షన్ పైపులు, గోడ దగ్గర గొట్టం తగిలించే చిన్న వాల్వు, అంటే యాంగిల్ కాక్, లోపలి స్పిండిల్ పోయాయి, వంటింట్లో మాత్రం ఒక్క వాషరు కూడా మార్చలేదు. ఆ తేడాకు కారణం వెతకడంతోనే ఈ పని మొదలైంది కనుక, మీ ఇంట్లోనూ అక్కడి నుంచే మొదలుపెట్టమని చెబుతాను.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. నీళ్లు మరీ జోరుగా వస్తున్నాయనిపించినప్పుడు చాలామంది ఇంటికి వచ్చే లైను మీది బాల్ వాల్వును సగం మూసేస్తారు. కుళాయి తెరిచినప్పుడు ధార తగ్గుతుంది కాబట్టి పని జరిగినట్టే కనిపిస్తుంది. అయితే కుళాయిలన్నీ కట్టేసి, పైపులో నీళ్లు కదలకుండా నిలిచిన మరుక్షణం, సగం మూసిన ఆ వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి సమానమైపోతుంది. గొట్టాలను, వాషర్లను దెబ్బతీసేది ఎక్కువగా ఈ నిలకడ ఒత్తిడే. రోజులో ఇరవై మూడు గంటలు అవి మోసేది దాన్నే. దాన్ని తగ్గించగలిగేది ప్రెషర్ తగ్గించే వాల్వు, ప్లంబర్ల మాటలో పీఆర్‌వీ, ఒక్కటే. అందులో స్ప్రింగు ఒక వైపు నుంచి తెరవమని తోస్తుంటే, ఇంటి వైపు నీటి ఒత్తిడి డయాఫ్రమ్ అనే వంగే పొర మీద పనిచేసి మూయమని తోస్తుంటుంది. ఇంటి వైపు ఒత్తిడి మీరు పెట్టిన అంకెకు చేరగానే వాల్వు పూర్తిగా మూసుకుంటుంది. నీళ్లు నిలిచి ఉన్నప్పుడు కూడా పనిచేయడమే దాని ప్రత్యేకత.

మొదట ఎత్తు లెక్క, తరువాత గేజి

నిలిచిన నీటిలో ప్రతి పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ప్లంబర్లు దీన్నే క్లుప్తంగా "ఒక కిలో ప్రెషర్" అంటారు, ఇకపై నేనూ అలాగే వాడతాను. వాల్వుల మీద ముద్రించే బార్ అనే కొలత దాదాపు దానితో సమానమే; ఇంటి పనికి రెండింటి మధ్య తేడాను పట్టించుకోనవసరం లేదు. పైపు లావు, ట్యాంకు వెడల్పు ఈ లెక్కలోకి రావు, నిలువు ఎత్తు ఒక్కటే వస్తుంది.

మా ఇంటి లెక్క ఇలా తేలింది. రెండో అంతస్తు నేల నుంచి డాబా వరకు పదమూడు అంతస్తులు, ఒక్కొక్కటి 3 మీటర్లు, వెరసి 39 మీటర్లు. ట్యాంకు లిఫ్టు గది మీద ఉంది కనుక, డాబా నుంచి అందులోని నీటిమట్టానికి మరో 5 మీటర్లు. మొత్తం 44 మీటర్లలో, కుళాయి నేలకు ఒక మీటరు ఎత్తున ఉంటుంది కాబట్టి అది తీసేస్తే 43 మీటర్లు, అంటే 4.3 కిలోలు. కాగితం మీద ఈ అంకె వేసుకోకుండా ఒత్తిడి కొలిచే గేజి పెట్టకండి, ఎందుకంటే గేజి చూపిన అంకెకు అర్థం వచ్చేది ఈ అంకెతో పోల్చినప్పుడే.

గేజి హార్డ్‌వేర్ దుకాణాల్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. సున్నా నుంచి ఏడు కిలోల వరకు చూపేది తీసుకోండి. పదహారు కిలోలదైతే మీకు కావలసిన అంకెలన్నీ ముల్లు మొదటి పావు తిరుగుడులోనే ఇరుక్కుని, తేడాలు కంటికి ఆనవు. గేజి కింది మర సాధారణంగా పావు అంగుళం ఉంటుంది కనుక, దానికి రెడ్యూసర్ బుష్, ఆ బుష్‌కు అరంగుళం సాకెట్ కూడా అడిగి తెచ్చుకోండి. హెల్త్ ఫాసెట్ గొట్టాన్ని యాంగిల్ కాక్ దగ్గర విప్పి, ఆ మర మీద ఈ సాకెట్‌ను టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే కొలిచే చోటు సిద్ధమైనట్టే. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి యాంగిల్ కాక్‌ను మెల్లగా తెరవండి, ముల్లు స్థిరపడ్డాక అంకె రాసుకోండి.

మా రెండు బాత్రూముల్లోనూ గేజి 4.2 చూపింది. ట్యాంకు అప్పుడు నిండుగా లేదు. నీటిమట్టం ఒక మీటరు తగ్గితే 0.1 కిలో తగ్గుతుంది కాబట్టి లెక్కకూ గేజికీ సరిపోయింది. వంటింట్లో, వాషింగ్ మెషిన్ కుళాయి దగ్గర మాత్రం అదే గేజి 2.2 చూపింది. ఒకే ఇంట్లో ఒకే ఎత్తులో రెండు అంకెలు ఎలా వస్తాయన్నదే ఇక్కడి చిక్కుముడి, దాని విడుపు పైపులు నిలువుగా దిగే షాఫ్టులో ఉంది.

ఇంట్లోకి ఎన్ని లైన్లు వస్తున్నాయో లెక్కపెట్టండి

సొంత ఇల్లయితే డాబా మీది ట్యాంకు నుంచి ఒకటో రెండో పైపులు దిగుతాయి. అపార్ట్‌మెంట్లలో అలా కాదు. వంటింటి పక్కన ఒక షాఫ్టు, బాత్రూముల వెనుక మరో షాఫ్టు ఉంటాయి. ఒక్కో షాఫ్టులో పైనుంచి కిందికి దిగే పైపు నుంచి ఒక్కో గదికి విడిగా నీళ్లు తీసుకుంటారు. కనుక "ఇంటికి ఒక వాల్వు" అన్న మాట చాలా ఫ్లాట్లకు వర్తించదు. ప్రతి లైను మీది బాల్ వాల్వును ఒక్కొక్కటిగా మూసి, ఏయే కుళాయిలు ఆగిపోతున్నాయో చూసి, కాగితం మీద గీసుకోండి. బెంగళూరులోని చాలా పెద్ద అపార్ట్‌మెంట్లలో ఫ్లష్‌కు శుద్ధి చేసిన మురుగు నీటిని వేరే పైపులో పంపుతారు. దాన్ని కూడా విడిగా లెక్కపెట్టండి.

ఎత్తయిన భవనాల్లో కట్టేటప్పుడే కింది అంతస్తుల కోసం షాఫ్టులోనే పెద్ద పీఆర్‌వీ పెట్టి, దాని పక్కన మరమ్మతు వేళ వాడుకోవడానికి బైపాస్ పైపు, దానికొక వాల్వు ఇస్తారు. మా వంటింటి షాఫ్టులో అది పనిచేస్తోంది. బాత్రూముల షాఫ్టులోనిది ఎప్పుడో మొరాయిస్తే, నీళ్లు రావడం లేదన్న ఫిర్యాదులకు తాళలేక ఎవరో బైపాస్ తెరిచి, మళ్లీ మూయడం మరిచిపోయారు. గేజిలో కనిపించిన అంకె ఎత్తు లెక్కకు పూర్తిగా సరిపోతే, నడుమ ఏ వాల్వూ ఒత్తిడిని తగ్గించడం లేదని అర్థం. ఈ సంగతి తెలిస్తే, మీ ఇంట్లో కొత్త వాల్వు పెట్టే ముందు మెయింటెనెన్స్ వాళ్లను షాఫ్టు తెరిచి చూపించమని అడగడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది. షాఫ్టులోనిదాన్ని బాగు చేయిస్తే మీ కింద ఉన్నవాళ్ల ఇళ్లూ బాగుపడతాయి కనుక అదే సరైన మార్గం. మా దగ్గర అది అసోసియేషన్ సమావేశం దాకా వాయిదా పడింది. ఇంకో గొట్టం పగిలేదాకా ఆగలేక మా రెండు బాత్రూముల లైన్లకు మేమే పెట్టుకున్నాం.

ఇంకో మాట. మీది డాబా మీద స్టాండు పెట్టి ట్యాంకు ఎక్కించిన రెండంతస్తుల ఇల్లయితే, కింది కుళాయి దగ్గర ఒత్తిడి ఒక కిలోకు అటూ ఇటూగానే ఉంటుంది. అక్కడ ఈ వాల్వు పెడితే షవర్ నీరసించడం తప్ప ఒరిగేదేమీ లేదు. నిలకడ ఒత్తిడి మూడు కిలోలు దాటిన చోట ఈ ఖర్చుకు అర్థం ఉంటుందని నా అభిప్రాయం. రెండున్నర నుంచి మూడు మధ్య ఉంటే మంచి గొట్టాలు వేసుకుని, ఊరు వెళ్లేటప్పుడు యాంగిల్ కాక్‌లు కట్టేసే అలవాటు చేసుకుంటే సరిపోతుంది.

ఎలాంటి వాల్వు కొనాలి

ఇత్తడి బాడీ, విప్పి శుభ్రం చేసుకోగల లోపలి భాగం అంటే కార్ట్రిడ్జి, పక్కన గేజి బిగించుకునే రంధ్రం, ఈ మూడూ ఉన్న వాల్వును అడగండి. సైజు మీ పైపు సైజే ఉండాలి; ముప్పావు అంగుళం లైను మీద "ఎందుకైనా మంచిది" అని ఒక అంగుళం వాల్వు పెడితే, ఒక్క వాష్‌బేసిన్ కుళాయి తెరిచినప్పుడు అది అతి కొద్దిగా మాత్రమే తెరుచుకుని, మూసుకున్నప్పుడు ఆనే ఇత్తడి సీటు మీద టకటకమని కొట్టుకుంటూ తొందరగా అరిగిపోతుంది. ఆర్.ఓ. ఫిల్టరు ముందు పెట్టే చిన్న ప్లాస్టిక్ వాల్వును కూడా దుకాణాల్లో ఇదే పేరుతో చూపిస్తారు; అది ఆ ఫిల్టరు సన్నపైపు కోసం తప్ప ఇంటి లైనుకు పనికిరాదు.

దానితో పాటు చెత్తను పట్టే జాలీ ఉన్న వై స్ట్రైనరు ఒకటి తప్పక తీసుకోండి. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, కావేరి నీళ్లు ఒకే సంపులో కలిసే మన అపార్ట్‌మెంట్లలో ఇసుక, పైపు పొలుసులు, తెల్లటి సున్నపు పెచ్చులు రాకుండా ఉండవు. వాల్వు లోపల ఉండే సన్నటి జాలీ ఒక్కటే వీటన్నిటినీ మోయలేదు.

ఎక్కడ బిగించాలి: మేము చేసిన తప్పు

మా మొదటి ప్లంబరు అనుభవం ఉన్నవాడే. బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్ పలక జరిపి పైకి చూసి, "సార్, ప్రెషరుకు పేలేది గీజరే కదా, దాని ముందు పెడితే చాలు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. గీజరుకు వెళ్లే చల్లనీళ్ల పైపు మీద వాల్వు పెట్టి, రెండు కిలోలకు సర్దాడు. ఆ సాయంత్రం షవర్ మిక్సరు తిప్పితే, పిడిని పూర్తిగా వేడి వైపుకు తోసినప్పుడే వేడినీళ్లు వచ్చాయి. కొంచెం నడుమకు తేగానే చల్లటి నీళ్లు తప్ప ఏమీ రాలేదు.

కారణం ఇది. మిక్సరులో వేడి, చల్లని పైపులు ఒకే చిన్న గదిలో కలుస్తాయి. ఒక వైపు నుంచి 4.2 కిలోలతో చల్లనీళ్లు, మరో వైపు నుంచి 2 కిలోలతో వేడినీళ్లు వస్తే, ఎక్కువ ఒత్తిడి ఉన్నది రెండోదాన్ని లోపలికి రానివ్వదు. పైగా హెల్త్ ఫాసెట్, యాంగిల్ కాక్‌లు, మిక్సరు చల్లని వైపు అన్నీ మునుపటిలాగే 4.2 కిలోల కిందే ఉండిపోయాయి, అంటే మా గొట్టం పగలడానికి అసలు కారణం చెక్కుచెదరలేదు.

కనుక వాల్వు స్థానం ఒకటే: షాఫ్టు నుంచి మీ గదిలోకి వచ్చిన లైను మీద, మొదటి బాల్ వాల్వు తరువాత, గీజరుకూ చల్లని కుళాయిలకూ దారులు చీలే టీ కంటే ముందు. అలా పెడితే వేడి, చల్లని వైపులు రెండూ ఒకే ఒత్తిడికి దిగుతాయి. ఆ టీ గోడలోపల ఉంటే, బాల్ వాల్వుకూ గోడకూ మధ్య కనీసం ఒక అడుగు పైపు దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే షాఫ్టు వైపు పెట్టాలి, అందుకు అసోసియేషన్ అనుమతి తీసుకోవాలి. పెట్టిన చోట గేజి కంటికి కనిపించాలి, స్పానరు తిరగాలి. ఫాల్స్ సీలింగ్ పైన పెట్టేటట్లయితే అక్కడ తెరుచుకునే పలక ఉండాలి.

బిగించే వరుస

నీళ్లు వచ్చే దిక్కు నుంచి చెబితే, పాత బాల్ వాల్వు, తరువాత వై స్ట్రైనరు, తరువాత పీఆర్‌వీ, దాని ఇంటి వైపు రంధ్రంలో గేజి, ఆ తరువాత పైపు కోయకుండా విప్పుకోగల యూనియన్ జాయింటు, చివర ఇంకో బాల్ వాల్వు. ఆ చివరి బాల్ వాల్వు అనవసర ఖర్చు అని ప్లంబరు అనవచ్చు. కానీ రేపు వాల్వును పరీక్షించాలన్నా విప్పాలన్నా అదే అక్కరకొస్తుంది. దాని బదులు బైపాస్ పైపు పెడతానంటే మాత్రం వద్దనండి. బైపాస్ వాల్వు చుక్కచుక్కగా కారినా చాలు, తెల్లవారేసరికి ఇంటి వైపు ఒత్తిడి పూర్తిగా పెరిగిపోయి పీఆర్‌వీ ఉండీ లేనట్టే అవుతుంది.

పైపు కోసిన తరువాత, ఏదీ బిగించక ముందు, కోసిన చివర కింద బకెట్ పెట్టి పాత బాల్ వాల్వును పూర్తిగా తెరిచి ఒక బకెట్ నిండా నీళ్లు పోనివ్వండి. మా బకెట్ అడుగున తేలింది చిటికెడు ఇసుక, నాలుగైదు సీపీవీసీ తురుము ముక్కలు. ఇవన్నీ నేరుగా కొత్త వాల్వు సీటు మీదకు వెళ్లవలసినవే.

సీపీవీసీ పైపుకు ఇత్తడి మర ఉన్న అడాప్టర్లు వాడాలి. వాటిని ముందుగా వాల్వుకు బిగించుకుని, ఆ తరువాత పైపులకు సాల్వెంట్ పూసి అతికించడం కొందరి అలవాటు. అప్పుడు ఎక్కువైన సాల్వెంట్ జారి వాల్వులోకి పోయే అవకాశం ఉంది. అతుకు పనంతా వేరుగా చేసి, డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, చివరగా యూనియన్ దగ్గర వాల్వును కలపడం మంచిది. మర బిగించేటప్పుడు అడాప్టరును ఒక పానాతో పట్టుకుని, రెండో పానాతో వాల్వును తిప్పాలి. లేకపోతే ఆ మెలిక అంతా ప్లాస్టిక్ అతుకు మీద పడి, అది అప్పుడే కాకపోయినా కొన్ని వారాలకు బీటలు వారుతుంది. ఇత్తడి బరువు పైపు మీద వేలాడకుండా రెండు వైపులా క్లాంపులు వేయించండి. బాడీ మీది బాణం గుర్తు ఇంటి వైపు చూపాలి.

టెఫ్లాన్ టేపు గురించి ఒక మాట ఎక్కువే చెబుతాను. మర చివరి మొదటి చుట్టును టేపు లేకుండా వదిలేసి, అక్కడి నుంచి వెనక్కి చుట్టాలి. టేపు మర అంచు దాటి ముందుకు వస్తే, బిగించేటప్పుడు ఆ కొస తెగి నీటిలో కలుస్తుంది. స్ట్రైనరుకూ పీఆర్‌వీకీ మధ్య మరలో ఇది జరిగితే, స్ట్రైనరు దాన్ని ఆపలేదు. దీని ఫలితం మాకు ఎలా తెలిసిందో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాను.

రెండు కిలోలకు సర్దడం

కొత్త వాల్వులు సాధారణంగా మూడు బార్లకు సర్ది వస్తాయి. పైనున్న స్క్రూను సవ్య దిశలో తిప్పితే ఇంటి వైపు ఒత్తిడి పెరుగుతుంది, అపసవ్య దిశలో తిప్పితే తగ్గుతుంది. మొదట స్క్రూను బాగా వదులు చేసి, గదిలో ఒక కుళాయి తెరిచి ఉంచి, పాత బాల్ వాల్వును నెమ్మదిగా తెరవండి. గాలి అంతా పోయి ధార నిలకడగా వచ్చాక కుళాయి కట్టేసి గేజి చూడండి. అక్కడి నుంచి పావు తిరుగుడు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ కుళాయిని ఒకసారి తెరిచి కట్టి, కట్టిన తరువాతి అంకెనే చదవండి.

ఇక్కడ చాలామంది తికమకపడతారు. ఒత్తిడిని తగ్గించాలని స్క్రూ వదులు చేస్తారు, గేజి కదలదు, వాల్వు పాడైందనుకుంటారు. కుళాయిలన్నీ కట్టి ఉన్నప్పుడు ఇంటి వైపు పైపులో చిక్కుకున్న నీళ్లు ఎటూ పోలేవు కనుక ముల్లు అక్కడే నిలుస్తుంది. ఒక్కసారి కుళాయి తెరిచి కట్టిన తరువాతే కొత్త అంకె కనిపిస్తుంది.

మేము రెండు కిలోల దగ్గర ఆపాం. షవర్ తెరిచినప్పుడు ముల్లు 1.6కు, దానితో పాటు వాష్‌బేసిన్ కూడా తెరిస్తే 1.4కు దిగుతుంది. నీళ్లు పారేటప్పుడు ఇలా దిగడం వాల్వు స్వభావమే, లోపం కాదు. పెద్ద రెయిన్ షవర్ ఉన్నవాళ్లు రెండున్నర దాకా వెళ్లవచ్చు. షవర్ తెరవగానే సగం కిలోకు పడిపోతే మాత్రం స్ట్రైనరు పూడిందనో, బాల్ వాల్వు పూర్తిగా తెరవలేదనో అనుమానించాలి.

రాత్రి పరీక్ష

వాల్వు మంచిదా కాదా అన్నది బిగించిన రోజు పగలు తెలియదు. పడుకునే ముందు గీజరు స్విచ్ ఆపి, ఆ గదిలో కుళాయిలన్నీ కట్టి, గేజి అంకె రాసుకోండి. పొద్దున్నే ఎవరూ కుళాయి ముట్టుకోకముందే మళ్లీ చూడండి. 2.0 ఉన్నది 2.0 దగ్గరో 2.1 దగ్గరో ఉంటే సీటు సరిగా మూసుకుంటోంది. ముల్లు అంతకంటే పైకి పాకి, పై ఒత్తిడి వైపు వెళుతూ ఉంటే, సీటు దగ్గర ఏదో అడ్డుపడి నీళ్లు సన్నగా లోపలికి ఊరుతున్నాయి. వినడానికి చిన్న విషయంలా ఉన్నా, ఊరు వెళ్లినప్పుడు గొట్టం పగిలేది సరిగ్గా ఇలాంటి స్థితిలోనే.

ఈ పరీక్షను చెడగొట్టేవి రెండున్నాయి. ఎక్కడో ఒక కుళాయి చుక్కలు కారుతుంటే, ఊరే నీళ్లు అలా పోతూనే ఉంటాయి కాబట్టి ముల్లు పెరగదు, పాడైన వాల్వు కూడా మంచిదానిలా కనిపిస్తుంది. అందుకే చివర పెట్టిన బాల్ వాల్వును కూడా ఆ రాత్రికి మూయడం మేలు. అప్పుడు గేజి చూపేది కేవలం పీఆర్‌వీ సంగతి. రెండోది గీజరు, అది వేడెక్కినప్పుడు కూడా ముల్లు పెరగవచ్చు, దానికి వాల్వును తప్పుపట్టకూడదు.

మా మొదటి బాత్రూమ్ వాల్వు మొదటి రాత్రి నెగ్గింది. ఏడెనిమిది వారాల తరువాత ఒక పొద్దున్న గేజి 3.6 చూపింది. విప్పి చూస్తే, సీటు మీద కూర్చునే నల్లటి రబ్బరు బిళ్ల అంచున, దారపుపోగంత సన్నటి తెల్లటి టెఫ్లాన్ టేపు ముక్క అంటుకుని ఉంది. వేలితో తీసేశాం. ఆ రాత్రి ముల్లు రెండు దాటలేదు.

విప్పే పద్ధతి కష్టమైనది కాదు. పాత బాల్ వాల్వు మూసి, ఒక కుళాయి తెరిచి ఒత్తిడి పోనివ్వండి. స్క్రూ ఎన్ని తిరుగుళ్లు వదులు చేస్తున్నారో లెక్కపెడుతూ స్ప్రింగు బిగువు పూర్తిగా తీసిన తరువాతే పై మూత విప్పాలి, లేకపోతే మూతతో పాటు స్ప్రింగు ఎగిరి వస్తుంది. కార్ట్రిడ్జిని బయటికి లాగి, రబ్బరు బిళ్లనూ ఇత్తడి సీటునూ మెత్తటి గుడ్డతో తుడవండి. చాకు, స్క్రూడ్రైవరు వంటివి సీటును తాకనివ్వకండి. గీత పడ్డ సీటు ఇక ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు. రబ్బరు బిళ్ల మీద గుండ్రటి గాడి లోతుగా పడి ఉంటే తుడిచి లాభం లేదు, కార్ట్రిడ్జి మార్చాల్సిందే.

గీజరు దగ్గర కారే నీళ్లు

పీఆర్‌వీ పెట్టిన తరువాత గీజరు సేఫ్టీ వాల్వు నుంచి నీళ్లు కారుతున్నాయని ఫిర్యాదు వస్తుంది. 15 లీటర్ల గీజరులో నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 200 మిల్లీలీటర్ల మేర వ్యాకోచిస్తాయి, అంటే దాదాపు ఒక గ్లాసు. ఇంతకుముందు అవి వచ్చిన దారినే పైపులోకి వెనక్కి జరిగేవి. పీఆర్‌వీ చాలా రకాల్లో అలా వెనక్కి పోనివ్వదు కనుక, ఆ గ్లాసెడు నీళ్లకు సేఫ్టీ వాల్వు ఒక్కటే దారి. మన గీజర్లలో చాలావాటికి సేఫ్టీ వాల్వులోనే నీళ్లు వెనక్కి పోనివ్వని ఏర్పాటు ముందే ఉంటుంది. అలాంటి గీజరుకు ఈ కారడం పీఆర్‌వీ పెట్టక ముందు నుంచే ఉండి ఉంటుంది, మీరు గమనించి ఉండరు, అంతే.

గీజరు వేడెక్కే సమయంలో మాత్రమే కారి, తరువాత ఆగిపోతే అది సరైన పనే. దాని ముక్కుకు ఒక సన్నటి పైపు తగిలించి నేల జాలీ వైపు వదలండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ ముక్కును మూయకండి, ఎవరు చెప్పినా సరే. గీజరు ఆపి ఉన్నప్పుడు కూడా కారుతూనే ఉంటే పీఆర్‌వీ గేజి చూడండి. అది సర్దిన అంకె దగ్గరే ఉంటే సేఫ్టీ వాల్వులో సున్నపు పెచ్చు ఇరుక్కున్నట్టు, గేజి పైకి పాకి ఉంటే పీఆర్‌వీ సీటు కడగాల్సినట్టు.

తరువాత చూసుకోవలసినవి

వై స్ట్రైనరు మూత విప్పి జాలీ కడగడం ఐదు నిమిషాల పని. మేము మూడు నెలలకొకసారి కడుగుతున్నాం. ట్యాంకర్లు ఎక్కువగా వచ్చే వేసవిలో నెలకోసారి చూస్తే మంచిది. ట్యాంకులు కడిగిన మరునాడు మాత్రం తప్పక చూడండి, అడుగున కదిలిన బురద అంతా ఆ ఒక్క రోజే కిందికి దిగుతుంది. ఫ్లష్ లైనుకు ఇలాంటి వాల్వు పెట్టుకున్నవాళ్లు ఇంకా తరచుగా కడగాలి. శుద్ధి చేసిన నీళ్లలోని జిగురు జాలీ మీద పొరలా పట్టేస్తుంది. మేము అందుకే ఫ్లష్ లైనుకు పెట్టలేదు, ఫ్లష్ ట్యాంకు లోపలి ఫ్లోట్ వాల్వు అరిగినప్పుడు అది మార్చుకుంటున్నాం.

సర్దిన అంకెనూ తేదీనీ వాల్వు పక్క గోడ మీద మార్కరుతో రాసి పెట్టండి. మా ఇంట్లో పలక జరిపితే "2.0" అని కనిపిస్తుంది, నెలకోసారి ఎవరో ఒకరు టార్చి వేసి ముల్లు ఆ అంకె దగ్గర ఉందో లేదో చూస్తారు. షాఫ్టులోని పెద్ద వాల్వును అసోసియేషన్ ఆ తరువాత మార్పించింది. ఇప్పుడు మా వాల్వుకు పైనుంచి వచ్చేదే 2.4 కిలోలు, అయినా మాది తీసేయలేదు, ఎందుకంటే ఆ బైపాస్‌ను మళ్లీ ఎవరు ఎప్పుడు తెరుస్తారో తెలిసేది ముందుగా మా ఇంటి గొట్టానికే.